బల్బు మసకబారితే చాలు, లెక్క దొరుకుతుంది

ఫిలమెంట్ బల్బులు వాడిన రోజులు గుర్తున్నవాళ్లకు ఈ దృశ్యం తెలుసు. బాత్రూంలో గీజర్ స్విచ్ వేయగానే హాల్లో బల్బు కొంచెం కళ తప్పేది. గీజర్ కట్టేస్తే మళ్లీ వెలుగు పుంజుకునేది. కరెంటు ఎక్కువగా లాగినప్పుడు, స్తంభం నుంచి ఇంటిదాకా వచ్చే తీగల్లోనే కొన్ని వోల్టులు ఖర్చయిపోతాయి. అందుకే బల్బుకు అందేది తగ్గుతుంది. గీజర్ వేయకముందు ప్లగ్గులో 230 వోల్టులు ఉండి, అది 10 ఆంపియర్లు లాగుతున్నప్పుడు 220కి దిగిందనుకోండి. 10 ఆంపియర్లకు 10 వోల్టులు పోయాయి కాబట్టి మనకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మధ్య దారిలో సుమారు ఒక ఓమ్ నిరోధం ఉన్నట్టు. ఆ తీగలను ఎవరూ విప్పి చూడలేదు, కొలవలేదు. ఒక బరువు తగిలించాం, ఎంత కుంగిందో చూశాం, అంతే.

ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఆంప్లిఫయర్ నిరోధాలను కొలిచే పద్ధతి ఇదే. ఆంప్లిఫయర్‌కు లోపలికి సిగ్నల్ వెళ్లే ద్వారం ఒకటి, బయటికి వచ్చే ద్వారం ఒకటి ఉంటాయి. లోపలి ద్వారం తనకు సిగ్నల్ ఇచ్చేవాడి నుంచి ఎంత కరెంటు లాగుతుందో చెప్పేది ఇన్‌పుట్ నిరోధం. బయటి ద్వారం తనపై బరువు పడినప్పుడు ఎంత కుంగుతుందో చెప్పేది అవుట్‌పుట్ నిరోధం. మైకు ఇచ్చే సిగ్నల్‌లో ఎంత భాగం ఆంప్లిఫయర్‌కు నిజంగా చేరుతుంది, అక్కడి నుంచి తర్వాతి దశకు ఎంత అందుతుంది అన్నవి ఈ రెండు అంకెలతోనే తేలతాయి.

ఈ ప్రయోగంలో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, నిరోధమే కదా. మల్టీమీటర్‌ని ఓమ్‌లలో పెట్టి ఇన్‌పుట్ దగ్గర ఆనిస్తే సరిపోదా?" మంచి ప్రశ్న. ఆనించి చూడమంటాను. ముందు ఏదో అంకె కనిపించి, ఎగబాకుతూ పోయి, చివరికి కొలవలేనంత ఎక్కువని చూపించి ఆగిపోతుంది. ఇన్‌పుట్‌కు ముందున్న కెపాసిటర్ మీటరు పంపే డీసీ కరెంటును అడ్డుకుంటుంది మరి. కెపాసిటర్ దాటించి బేస్ దగ్గరే ఆనిస్తే ఇంకో చిక్కు. సప్లయ్ తీసేసి ఉంటే ట్రాన్సిస్టర్ పని చేయడం లేదు. సప్లయ్ ఉంటే అక్కడి వోల్టేజి మీటరును తప్పుదారి పట్టిస్తుంది. మనకు కావలసిన నిరోధం బోర్డు మీద ఎక్కడా భాగంగా గుచ్చి లేదు. సర్క్యూట్ ప్రాణంతో ఉండి, చిన్న సిగ్నల్‌కు స్పందిస్తున్నప్పుడు మాత్రమే అది ఉంటుంది. కాబట్టి సిగ్నల్‌తోనే కొలవాలి.

మన కాలేజీ ల్యాబ్‌లలో తరాలుగా నలిగిన సర్క్యూట్‌నే తీసుకుందాం. చిన్న లోహపు టోపీలాంటి బీసీ107 ట్రాన్సిస్టర్, 12 వోల్టుల సప్లయ్. బేస్‌కు పైన 47 కిలో ఓమ్‌లు, కింద 10 కిలో ఓమ్‌లు. కలెక్టర్‌లో 3.3 కిలో ఓమ్‌లు, ఎమిటర్‌లో ఒక కిలో ఓమ్. ఎమిటర్ రెసిస్టర్‌కు పక్కనే 100 మైక్రోఫారడ్‌ల బైపాస్ కెపాసిటర్. లోపలికి, బయటికి సిగ్నల్ దాటించడానికి చెరొక 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్. దీన్ని కామన్ ఎమిటర్ ఆంప్లిఫయర్ అంటారు.

సిగ్నల్ పెట్టకముందే మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజీలు చూసుకోవాలి. ఎమిటర్ దగ్గర 1.4 వోల్టులు, కలెక్టర్ దగ్గర 7.4 వోల్టుల చుట్టుపక్కల ఉంటే ట్రాన్సిస్టర్‌లో 1.4 మిల్లీ ఆంపియర్లు పారుతున్నాయన్న మాట. కలెక్టర్ దగ్గర 12 వోల్టులే కనిపిస్తే ఎక్కడో తీగ ఊడింది, లేదా కాళ్లు తారుమారయ్యాయి. బీసీ107 టోపీ అంచున పొడుచుకొచ్చిన చిన్న ముక్క పక్కనున్న కాలు ఎమిటర్. ఈ రెండు నిమిషాల తనిఖీ వదిలేసి తర్వాత రెండు గంటలు పోగొట్టుకున్న బ్యాచ్‌లను ఎన్నింటినో చూశాను.

ఇప్పుడు ఫంక్షన్ జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ సైన్ సిగ్నల్ ఇవ్వాలి. ఆ ఫ్రీక్వెన్సీ ఎందుకంటే, అక్కడ 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ అడ్డు 16 ఓమ్‌లే. వేల ఓమ్‌లను కొలిచే చోట అది లెక్కలోకి రాదు. అదే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను పొరపాటున గుచ్చితే దాని అడ్డు 1,600 ఓమ్‌లవుతుంది. అప్పుడు మీరు కొలిచేది ఆంప్లిఫయర్‌ను కాదు, ఆ కెపాసిటర్‌ను. సందేహం వస్తే ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేసి చూడండి. అవుట్‌పుట్ మారకపోతే కెపాసిటర్లు అడ్డు రావడం లేదు.

సిగ్నల్ ఎంత ఉండాలన్నది ఇంకా ముఖ్యం. ఈ సర్క్యూట్ సిగ్నల్‌ను దాదాపు 170 రెట్లు పెంచుతుంది. బేస్ దగ్గర శిఖరం నుంచి లోయ దాకా 10 మిల్లీవోల్టులు దాటితే తెర మీది అల ఒకవైపు ఉబ్బి, ఇంకోవైపు కుదించుకుపోవడం మొదలవుతుంది. అలాంటి అల మీద తీసిన ఏ కొలతా నిలవదు. జనరేటర్ మీది 40 డెసిబెల్ అటెన్యుయేటర్ బటన్ నొక్కి సిగ్నల్‌ను బాగా తగ్గించాలి. తర్వాత సీఆర్ఓ తెరను అవుట్‌పుట్ దగ్గర పెట్టి, అల చక్కగా ఉన్నంతవరకే పెంచాలి. మన ఉదాహరణలో అవుట్‌పుట్ 1.70 వోల్టుల దగ్గర ఆపాం.

ముందు బయటి ద్వారం సంగతి చూద్దాం, అది గీజర్ కథే కాబట్టి. ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ను బయటి నుంచి చూసేవాడికి అది ఒక సిగ్నల్ మూలం, దాని ముందు వరసలో ఒక నిరోధం ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఎంత గజిబిజి సర్క్యూట్‌నైనా ఇలా రెండు వస్తువులుగా కుదించి చూడవచ్చని ఫ్రాన్సులో టెలిగ్రాఫ్ ఇంజనీరు థెవెనిన్ 1883లో ప్రకటించాడు. అదే విషయాన్ని జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే చెప్పాడు. మనం కొలిచే అవుట్‌పుట్ నిరోధం ఆ ఊహాచిత్రంలోని నిరోధమే.

లోడ్ లేకుండా అవుట్‌పుట్ 1.70 వోల్టులు. ఇప్పుడు అవుట్‌పుట్ కెపాసిటర్ దాటాక, అక్కడి నుంచి ఎర్త్‌కు 3.3 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తగిలించండి. తెర మీది అల కుంగి 0.87 వోల్టులకు వచ్చింది. జనరేటర్ గుబ్బను మాత్రం ముట్టుకోకూడదు. లోడ్ మీద 0.87 వోల్టులు మిగిలాయంటే తక్కిన 0.83 వోల్టులు లోపలి నిరోధంలో పడ్డాయి. రెండింటిలోనూ పారేది ఒకే కరెంటు కాబట్టి వోల్టులు ఏ పాళ్లలో పంచుకున్నాయో ఓమ్‌లూ అదే పాళ్లలో ఉంటాయి.

```
Ro = RL × (V0 − VL) / VL
Ro = 3.3 kΩ × (1.70 − 0.87) / 0.87 = 3.15 kΩ
```

ఈ 3.15 ఎక్కడి నుంచి వచ్చింది? కలెక్టర్‌లో 3.3 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంది. అవుట్‌పుట్ వైపు నుంచి చూస్తే దానికి సమాంతరంగా ట్రాన్సిస్టర్ సొంత నిరోధం ఉంటుంది. అది ఈ కరెంటు దగ్గర ఎన్నో పదుల కిలో ఓమ్‌లు కాబట్టి 3.3ను కొద్దిగానే తగ్గిస్తుంది. కొలత, లెక్క సరిపోయాయి.

లోడ్‌ను కెపాసిటర్ దాటాకే పెట్టాలని ఊరికే అనలేదు. కొందరు తొందరలో కలెక్టర్ కాలికే తగిలిస్తారు. అప్పుడు ఆ రెసిస్టర్ సిగ్నల్‌తో పాటు డీసీ కరెంటునూ లాగేస్తుంది. ఒక కిలో ఓమ్ లోడ్‌ను అలా కలిపితే 7.4 వోల్టుల దగ్గరుండాల్సిన కలెక్టర్ 2 వోల్టుల లోపలికి జారిపోతుంది. ఎమిటరేమో 1.4 దగ్గర ఉంది. ట్రాన్సిస్టర్‌కు కదలడానికి చోటే ఉండదు, అల సగం తెగిపోతుంది. కొలవాలనుకున్న వస్తువునే మార్చేశాం కదా, వచ్చిన అంకె దేనిదీ కాదు. లోడ్ పెట్టకముందు, పెట్టాక కలెక్టర్ డీసీ వోల్టేజి ఒకటేనా అని చూస్తే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది.

లోపలి ద్వారం దగ్గర కాస్త తెలివి ఉపయోగించాలి. జనరేటర్‌కూ ఇన్‌పుట్ కెపాసిటర్‌కూ మధ్య వరసలో తెలిసిన రెసిస్టర్ ఒకటి పెడతాం. ఉదాహరణకు 2.2 కిలో ఓమ్‌లు, మూడు ఎర్రగీతలది. ఆంప్లిఫయర్ లాగే కరెంటంతా దీని గుండానే పోవాలి కనుక ఇందులో కొంత వోల్టేజి పడుతుంది, బేస్‌కు చేరేది తగ్గుతుంది. ఎంత తగ్గిందో తెలిస్తే ఇన్‌పుట్ నిరోధం తెలిసినట్టే.

ఆ తగ్గుదలను ఎక్కడ చూడాలన్నదే అసలు సంగతి. చాలామంది చేతులు వాటంతటవే చేసే పని, సీఆర్ఓ ప్రోబ్ మొనను ఆ రెసిస్టర్‌కు ఒకవైపు, దాని క్రొకడైల్ క్లిప్‌ను రెండోవైపు తగిలించడం. ఆ వెంటనే అవుట్‌పుట్ మాయమవుతుంది. క్లిప్ సీఆర్ఓ లోపల మెయిన్స్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది, మన సర్క్యూట్ ఎర్త్ కూడా అక్కడికే చేరుతుంది. అంటే ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌ను మనమే నేలకు కట్టేశాం. క్లిప్ ఎప్పుడూ సర్క్యూట్ ఎర్త్‌కే ఉండాలి. రెసిస్టర్‌కు రెండు వైపులా విడివిడిగా, ఎర్త్‌తో పోల్చి కొలిచి, తేడా తీయాలి.

అలా కొలవడం సరైనదే, కానీ అక్కడ ఉన్నది 10 మిల్లీవోల్టులు. మామూలు సీఆర్ఓలో ఆ స్థాయికి వచ్చేసరికి గీత లావెక్కి, గరుకుగా కనిపిస్తుంది. పొడవాటి తీగలు పట్టుకొచ్చే 50 హెర్ట్జ్ హమ్ దానికి తోడై అల మొత్తం ఊగుతూ ఉంటుంది. 10కీ 5కీ మధ్య తేడాను ఆ గరుకులో చదవడం కష్టం.

ఇక్కడే నాకు బాగా ఇష్టమైన ఉపాయం ఒకటుంది. ఆంప్లిఫయర్ మన దగ్గరే ఉంది కదా, దాన్నే కొలతకు పెట్టుకోవచ్చు. బేస్ దగ్గరి సిగ్నల్ సగమైతే అవుట్‌పుట్ కూడా సరిగ్గా సగమవుతుంది, పెంచే రెట్లు మారవు కాబట్టి. అందుకని ఇన్‌పుట్ దగ్గర ఏమీ కొలవకుండా ప్రోబ్‌ను అవుట్‌పుట్ దగ్గరే ఉంచేయండి. వరస రెసిస్టర్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి చదవండి. అది లేకుండా 1.70 వోల్టులు. పెట్టాక 0.91 వోల్టులు. నిబ్బరంగా, స్పష్టంగా కనిపించే రెండు అంకెలు. లోడ్ రెసిస్టర్ ఉంటే రెండుసార్లూ ఉండాలి, లేకపోతే రెండుసార్లూ ఉండకూడదు. షరతు అదొక్కటే.

```
Ri = Rs × V2 / (V1 − V2)
Ri = 2.2 kΩ × 0.91 / (1.70 − 0.91) = 2.53 kΩ
```

దీంట్లో చిన్న మెలిక ఉంది. జనరేటర్‌కు కూడా సొంత అవుట్‌పుట్ నిరోధం ఉంటుంది. ఎక్కువ జనరేటర్లలో అది 50 ఓమ్‌లు. మొదటిసారి కొలిచినప్పుడు కూడా అది వరసలో కూర్చునే ఉంది. అందువల్ల ఈ సూత్రం ఇచ్చేది ఆంప్లిఫయర్ నిరోధం, జనరేటర్ నిరోధం కలిసిన మొత్తం. 2.53 కిలో ఓమ్‌ల నుంచి ఆ 50 ఓమ్‌లు తీసేస్తే 2.48 మిగులుతుంది. ఇక్కడ రెండు శాతమే కాబట్టి పెద్దగా బాధ లేదు. ఇన్‌పుట్ నిరోధం రెండు మూడు వందల ఓమ్‌లే ఉండే సర్క్యూట్‌లో మాత్రం దీన్ని మరిస్తే జవాబు బాగా తప్పుతుంది.

రెసిస్టర్ ఎంత పెట్టాలన్న ప్రశ్నకు జవాబు కూడా పై సూత్రంలోనే ఉంది. మనం ఆధారపడేది రెండు కొలతల తేడా మీద. 2.2 కిలో ఓమ్‌లకు బదులు 100 ఓమ్‌లు పెట్టి చూడండి. అవుట్‌పుట్ 1.70 నుంచి 1.64కి మాత్రమే దిగుతుంది. సీఆర్ఓ చదవడంలో మూడు శాతం పొరపాటు మామూలే, అంటే ఇక్కడ 0.05 వోల్టులు. కొలవాల్సిన తేడాయే 0.06 అయినప్పుడు ఆ పొరపాటు జవాబునంతా మింగేస్తుంది. అటు కాకుండా 100 కిలో ఓమ్‌లు పెడితే అవుట్‌పుట్ 0.04 వోల్టులకు పడిపోతుంది, హమ్ మధ్య దాన్ని వెతుక్కోవాలి. రెసిస్టర్ విలువ మనం కొలవబోయే నిరోధానికి దగ్గరగా ఉండి, అల సుమారు సగానికి తగ్గినప్పుడే కొలత గట్టిగా నిలబడుతుంది. లోడ్ రెసిస్టర్‌కూ ఇదే వర్తిస్తుంది.

ఈ సగం సంగతినే పద్ధతిగా మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. వరస రెసిస్టర్ బదులు డెకేడ్ రెసిస్టెన్స్ బాక్స్ పెట్టి, సున్నా దగ్గర అవుట్‌పుట్ చూసుకుని, అది సరిగ్గా సగమయ్యేదాకా గుబ్బలు తిప్పుతారు. పెట్టె మీద కనిపించే విలువే జవాబు, జనరేటర్ 50 ఓమ్‌లు అందులో కలిసే ఉంటాయి. డెకేడ్ బాక్స్ లేకపోతే 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ చాలు. సగం దగ్గర ఆపి, సర్క్యూట్ నుంచి తీసి, మల్టీమీటర్‌తో దాన్ని కొలుచుకోవాలి. సర్క్యూట్‌లో ఉండగా కొలిస్తే పక్కనున్నవన్నీ లెక్కలో దూరతాయి. ఈ దారిలో లెక్క చేసే పని లేదు, సీఆర్ఓ అంకెలు కచ్చితంగా ఉండాల్సిన అవసరమూ లేదు. ఎనిమిది గళ్ల అల నాలుగు గళ్లు అయిందా లేదా అన్నదొక్కటే చూడాలి.

ఇక 2.48 కిలో ఓమ్‌లన్న జవాబు సబబేనా? బేస్‌కు వచ్చిన సిగ్నల్ ముందు మూడు దారులు ఉన్నాయి. ఒకటి 47 కిలో ఓమ్‌ల గుండా, రెండోది 10 కిలో ఓమ్‌ల గుండా, మూడోది ట్రాన్సిస్టర్ బేస్‌లోకి. మొదటి రెండూ కలిస్తే 8.25 కిలో ఓమ్‌లు. మూడోది ట్రాన్సిస్టర్‌లో పారే కరెంటు మీద, కరెంటును అది ఎన్ని రెట్లు పెంచుతుందన్నదాని మీద ఆధారపడుతుంది. 1.4 మిల్లీ ఆంపియర్ల దగ్గర, రెట్లు 200 అనుకుంటే, అది 3.7 కిలో ఓమ్‌లు. అన్నీ సమాంతరంగా కలిస్తే 2.55. కొలత దానికి చాలా దగ్గరగా ఉంది.

అయితే ఆ 200 అన్నది ఊహ. బీసీ107 జాతి ట్రాన్సిస్టర్లలో ఈ రెట్లు 110 నుంచి 450 దాకా ఎక్కడైనా ఉండవచ్చని తయారీదారుల పట్టికే చెబుతుంది. 110 ఉన్నది గుచ్చితే ఇన్‌పుట్ నిరోధం 1.6 కిలో ఓమ్‌ల దగ్గర, 450 ఉన్నది గుచ్చితే 4.1 దగ్గర వస్తుంది. ఒకే సర్క్యూట్, ఒకే రంగు గీతల రెసిస్టర్లు, పక్కపక్క బల్లలు. ఇన్‌పుట్ నిరోధాలు మాత్రం రెండింతలకు పైగా తేడా. అందుకే పక్క బల్ల రీడింగులు చూసి రాసిన రికార్డు నాకు తెలిసిపోతుంది. ఇద్దరి ఇన్‌పుట్ నిరోధాలూ చివరి అంకె దాకా ఒకటైతే అందులో ఒకటి కొలిచింది కాదు. అవుట్‌పుట్ నిరోధం మాత్రం అందరికీ దాదాపు ఒకటే రావాలి. దాన్ని నిర్ణయించేది ప్రధానంగా కలెక్టర్ రెసిస్టరే కాబట్టి.

ఈ పద్ధతి ఎక్కడ మొరాయిస్తుందో కూడా చూడాలి. బేస్ బదులు గేటు ఉండే ఎఫ్ఈటీ ఆంప్లిఫయర్‌లో ఇన్‌పుట్ నిరోధం ఒక మెగా ఓమ్ ఉండటం మామూలు. సీఆర్ఓ ఇన్‌పుట్ నిరోధం కూడా ఒక మెగా ఓమే. ప్రోబ్‌ను నేరుగా గేటు దగ్గర పెడితే రెండూ సమాంతరమై, మీరు కొలిచేది అర మెగా ఓమ్ అవుతుంది. తెర మీద అల చక్కగానే ఉంటుంది, తప్పు జరిగిందన్న జాడ కూడా ఉండదు. ఈ జాతి తప్పులే నన్ను ఎక్కువ భయపెడతాయి. ప్రోబ్‌ను అవుట్‌పుట్ దగ్గర ఉంచే ఉపాయం ఇక్కడ సౌకర్యం మాత్రమే కాదు, తప్పనిసరి. పైగా అంత పెద్ద నిరోధాల దగ్గర 20 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటెన్స్ కూడా అడ్డు పడుతుంది. ఒక మెగా ఓమ్ వరస రెసిస్టర్ పెట్టి 10 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిస్తే నిరోధం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఫ్రీక్వెన్సీని కొన్ని వందల హెర్ట్జ్‌కు దించాలి, తీగలు పొట్టిగా ఉంచాలి.

రెండో చివర పవర్ ఆంప్లిఫయర్లు. స్పీకర్లను నడిపే వీటి అవుట్‌పుట్ నిరోధం ఓమ్‌లో పదో వంతు ఉండవచ్చు. అల సగానికి తగ్గాలని పదో వంతు ఓమ్ లోడ్ తగిలిస్తే దాదాపు షార్ట్ చేసినట్టే. ఫ్యూజ్ పోతుంది, లేదా ట్రాన్సిస్టర్లు పోతాయి. అది నడపగలిగే 8 ఓమ్‌ల లోడే పెట్టి, వచ్చిన చిన్న తగ్గుదలతో సరిపెట్టుకోవాలి. 4.00 వోల్టులు 3.95కు దిగితే నిరోధం 0.10 ఓమ్. 3.94 అని చదివితే 0.12. చివరి అంకె ఒక్కటి మారితే జవాబు ఐదో వంతు మారిపోయింది. ఇక్కడ సీఆర్ఓ గళ్లు సరిపోవు, మంచి డిజిటల్ మీటరు కావాలి. వోల్టేజిని కూడా ఆంప్లిఫయర్ టెర్మినల్స్ దగ్గరే చూడాలి. లోడ్ దగ్గర చూస్తే మధ్యలో తీగ నిరోధం కూడా జవాబులో కలిసిపోతుంది.

మళ్లీ మన బీసీ107 దగ్గరకు వద్దాం. కొలతలన్నీ అయ్యాక విద్యార్థుల చేత తప్పకుండా చేయించే పని ఒకటుంది. ఎమిటర్ దగ్గరి బైపాస్ కెపాసిటర్‌ను పీకేయమంటాను. డీసీ వోల్టేజీలు ఒక్కటీ మారవు. కానీ 170 రెట్లు పెంచుతున్న ఆంప్లిఫయర్ ఒక్కసారిగా 3.2 రెట్లకు పడిపోతుంది. సిగ్నల్‌ను అర వోల్టుకు పెంచితే అవుట్‌పుట్ 1.60 వోల్టులు. ఇప్పుడు ఇన్‌పుట్ నిరోధం ఎంత? 2.2 కిలో ఓమ్‌లు వరసలో పెడితే అల సగానికి దగ్గర్లోకి కూడా రాదు, ఐదో వంతు మాత్రమే తగ్గుతుంది. అంటే ఇన్‌పుట్ నిరోధం పెరిగింది, రెసిస్టర్ కూడా పెరగాలి. 8.2 కిలో ఓమ్‌లు పెడితే 0.79 వోల్టులు. లెక్క వేస్తే దాదాపు 8 కిలో ఓమ్‌లు.

ఒక్క కెపాసిటర్ తీస్తే మూడింతలకు పైగా పెరిగింది. అది ఉన్నప్పుడు సిగ్నల్‌కు ఎమిటర్ నేల మీద ఉన్నట్టే. తీసేశాక బేస్ కదిలినంతా ఎమిటర్ కూడా వెంట కదులుతుంది, రెండింటి మధ్య తేడా అంతగా మారదు, బేస్ కరెంటు లాగడం దాదాపు మానేస్తుంది. బేస్ వైపు దారి రెండు వందల కిలో ఓమ్‌లకు చేరుతుంది. ఇక మిగిలేది 47, 10 కిలో ఓమ్‌ల జంట మాత్రమే. ట్రాన్సిస్టర్ మార్చినా ఇప్పుడు జవాబు పెద్దగా మారదు, బల్లలన్నీ ఒకే మాట చెబుతాయి. అవుట్‌పుట్ వైపు 3.3 కిలో ఓమ్‌ల లోడ్ పెడితే 1.60 వోల్టులు 0.80 అవుతాయి, అవుట్‌పుట్ నిరోధం 3.3 కిలో ఓమ్‌లు.

ఈ రెండు అంకెలను పరీక్షకు పెట్టడానికి పక్క బల్లవాళ్ల బోర్డు అరువు తెచ్చుకోవాలి. అది కూడా బైపాస్ కెపాసిటర్ తీసేసిందే. మొదటి బోర్డు అవుట్‌పుట్‌ను రెండో దాని ఇన్‌పుట్‌కు కలిపితే ఎన్ని రెట్లు పెరుగుతుందని అడుగుతాను. 3.2ను 3.2తో గుణించి "పది రెట్లు సార్" అంటారు. అర వోల్టు ఇస్తే చివర 5 వోల్టులు రావాలి. బల్ల మీద కాగితం పెట్టి, ఇందాక కొలిచిన అంకెలతో మళ్లీ వేయమంటాను. మొదటి బోర్డు 1.60 వోల్టులు ఇస్తుంది, కానీ 3.3 కిలో ఓమ్‌ల నిరోధం వెనక నుంచి. రెండో బోర్డు దాని మీద 8 కిలో ఓమ్‌ల లోడ్ అయి కూర్చుంటుంది. 11.3లో 8 పాళ్లు మాత్రమే అందుతాయి, అంటే 1.13 వోల్టులు. దాన్ని 3.2 రెట్లు పెంచితే 3.6. బోర్డులు కలిపి ప్రోబ్ పెడితే, వోల్టుకు ఒక గడి చొప్పున, తెర మీద అల మూడున్నర గళ్లు దాటి నిలబడుతుంది.